మూసిన స్టీలు డబ్బా, తీగల పంజరం: లోపలి విద్యుత్ క్షేత్రాన్ని కొలిచిన ప్రాజెక్టు డైరీ

జనవరి, పని మొదలుపెట్టే ముందు

మూసిన లోహపు డబ్బాలోకి బయటి విద్యుత్ క్షేత్రం ప్రవేశించదని ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకంలోనే చదువుకుంటాం. డబ్బాకు బదులు తీగల వల ఉన్నా పని దాదాపు అలాగే జరుగుతుందని, వలలోని రంధ్రాలు చిన్నవైతే చాలని ఆ వెంటనే చెబుతారు. ఈ రెండో మాటలోని ‘దాదాపు’ ఎంత అన్నది నేను కొలిచి చూడదలిచాను. డబ్బా ఎందుకు కాపాడుతుందో స్పష్టంగా తెలిస్తేనే వల ఎక్కడ వెనకబడుతుందో తెలుస్తుంది కనుక, ముందుగా ఆ కారణాన్ని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

లోహంలో స్వేచ్ఛగా కదలగల ఎలక్ట్రాన్లు ఉంటాయి. బయట క్షేత్రం ఏర్పడగానే అవి ఒక పక్కకు జరుగుతాయి. ఆ పక్క ఉపరితలం మీద రుణావేశం, ఎదుటి పక్క ధనావేశం పేరుకుంటాయి. లోహం లోపల ఇంకా కాస్త క్షేత్రం మిగిలి ఉన్నంతసేపు ఎలక్ట్రాన్లు కదులుతూనే ఉంటాయి కాబట్టి, అవి నిలకడకు వచ్చాయంటే లోహపు మందంలో క్షేత్రం పూర్తిగా సున్నా అయిందని అర్థం. దీనికి పట్టే సమయం మన కొలతల దృష్ట్యా లెక్కలోకి రానంత తక్కువ.

ఇది లోహం సంగతి. లోహం మధ్యనున్న ఖాళీలో కూడా క్షేత్రం ఎందుకు ఉండదన్నది వేరే ప్రశ్న. ఖాళీలో ఆవేశమేదీ లేదనుకుందాం. అక్కడ ఒక క్షేత్ర రేఖ ఉంటే అది గోడ మీద ఒకచోట పుట్టి గోడ మీదే ఇంకొకచోట ముగియాలి. ఒక చిన్న ఆవేశాన్ని ఆ రేఖ వెంట నడిపిస్తే క్షేత్రం దానిమీద పని చేస్తుంది. అదే ఆవేశాన్ని గోడ లోహం గుండా మొదటి చోటికి తిరిగి తెస్తే, అక్కడ క్షేత్రం లేదు కాబట్టి మనకు ఖర్చేమీ ఉండదు. అంటే నిశ్చలంగా ఉన్న ఆవేశాల నుంచి, ఆ దారిలో తిరిగిన ప్రతిసారీ ఊరికే శక్తి పుట్టుకొస్తుందన్నమాట. అది జరిగే పని కాదు కాబట్టి అలాంటి రేఖ ఉండదు. ఈ వాదనలో డబ్బా ఆకారం గానీ, గోడ మందం గానీ, ఏ లోహమన్న విషయం గానీ ఎక్కడా రాలేదు. రెండు షరతులు మాత్రం వచ్చాయి: గోడ అంతటా ఒకే పొటెన్షియల్ ఉండాలి, గోడ ఖాళీని పూర్తిగా చుట్టి ఉండాలి.

లోహం బయటి క్షేత్రాన్ని అడ్డుకుంటుందనడం కంటే, దాన్ని రద్దు చేస్తుందనడం సరైన మాట. బయటి ఆవేశాల క్షేత్రం డబ్బా లోపలా ఉంటుంది, డబ్బా ఉపరితలం మీద పేరుకున్న ఆవేశాల క్షేత్రమూ ఉంటుంది. ఆ రెండూ లోపలి ప్రతి బిందువు దగ్గరా సమానంగా, ఎదురెదురుగా ఉంటాయి. వల విషయంలో చూడవలసింది ఆ రద్దు ఎంత పూర్తిగా జరుగుతుందన్నదే.

జనవరి, క్షేత్రం, కొలిచే పరికరం

నాలుగు అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న రెండు థర్మోకోల్ పలకలకు అల్యూమినియం ఫాయిల్ అంటించి, నాలుగు అడుగుల దూరంలో ఎదురెదురుగా నిలబెట్టాను. వాటి మధ్య ఫంక్షన్ జనరేటర్ నుంచి 20 వోల్టుల పీక్-టు-పీక్ సైన్ తరంగం ఇస్తే, మధ్యలో మీటరుకు మహా అయితే సుమారు 16 వోల్టుల క్షేత్రం వస్తుంది. నిలకడ క్షేత్రంతో చేస్తే గాలిలోని తేమ వల్ల, చేతులు తగలడం వల్ల ఆవేశాలు కారిపోయి రీడింగ్ నిలవదు. అందుకే ఏసీ వాడాను. వెయ్యి హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 300 కిలోమీటర్లు కాబట్టి, బల్ల మీద పట్టే వస్తువుల విషయంలో దీన్ని నిలకడ క్షేత్రంగానే లెక్కించవచ్చు. సరిగ్గా 1000 హెర్ట్జ్ తీసుకుంటే అది ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌కు ఇరవయ్యో హార్మోనిక్ అవుతుంది. ఆ రెండూ కలిసిపోకుండా 1030 హెర్ట్జ్ ఎంచుకున్నాను.

అసలు చిక్కు కొలతలో ఉంది. లోపలి నుంచి బయటి మీటరుకు ఒక వైరు తెస్తే ఆ వైరే బయటి క్షేత్రాన్ని లోపలికి మోసుకొస్తుంది, అప్పుడు మనం కొలిచేది డబ్బాను కాదు, వైరును. అందువల్ల కొలిచే సామగ్రి అంతా లోపలే ఉండాలి. రూపాయి నాణెం కంటే కాస్త పెద్దవైన రెండు రాగి బిళ్ళలను ఆరు సెంటీమీటర్ల ఎడంగా పెట్టి, వాటిని TL072 ఆప్-ఆంప్‌లోని రెండు భాగాలకు కలిపాను. రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు దానికి కరెంటు ఇస్తాయి. అవుట్‌పుట్ ఒక చిన్న వాయిస్ రికార్డరులోకి వెళుతుంది. తరువాత ఆ ఫైలును Audacity అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, Plot Spectrum లో 1030 హెర్ట్జ్ దగ్గరి శిఖరం ఎత్తు చూస్తాను. నాకు కావలసింది పంజరం ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చే రీడింగుల నిష్పత్తి మాత్రమే కాబట్టి, సెన్సరును వోల్టులలో కచ్చితంగా కాలిబ్రేట్ చేయనవసరం లేదు.

ఇలాంటి పని చేసేవారు రికార్డరులోని ఆటో లెవెల్ సదుపాయాన్ని తప్పనిసరిగా ఆపేయాలి. అది తక్కువ సంకేతాన్ని పెంచి, ఎక్కువ సంకేతాన్ని తగ్గించి రాస్తుంది కాబట్టి మంచి డబ్బా, చెడ్డ డబ్బా ఒకేలా కనిపిస్తాయి. అది నిజంగా ఆగిందో లేదో తేల్చుకోవడం సులభం: జనరేటర్ వోల్టేజీని సగం చేస్తే స్పెక్ట్రమ్‌లో శిఖరం 6 డెసిబెల్స్ తగ్గాలి. ప్రతి కొలతల వరుసకూ ముందు ఈ పరీక్ష చేశాను.

ఫిబ్రవరి, బియ్యం డబ్బా

మూసిన డబ్బాగా ఇంట్లో బియ్యం పోసుకునే స్టీలు డబ్బాను తీసుకున్నాను. రంగు, వార్నిష్ లేని స్టీలు, సుమారు అడుగు వ్యాసం, బిగుతైన మూత. సెన్సరును లోపల పెట్టి మూత వేయగానే 1030 హెర్ట్జ్ శిఖరం స్పెక్ట్రమ్‌లోని నేపథ్య శబ్దంలో మునిగిపోయింది. జనరేటరును ఆపినా, నడిపినా గీత మారలేదు. డబ్బాను ప్లాస్టిక్ పీట మీద పెట్టి విడిగా ఉంచినా, ఎర్త్‌కు కలిపినా ఇదే ఫలితం. బయటి క్షేత్రం నుంచి లోపలిని కాపాడటానికి ఎర్త్ అక్కరలేదని దీనితో తేలింది. ఎర్త్ కలిపితే డబ్బా మొత్తం పొటెన్షియల్ మారుతుంది, కానీ గోడ అంతటా ఒకే పొటెన్షియల్ ఉన్నంతవరకు అది ఎంతన్నది లోపలికి తెలియదు. లోపల ఆవేశం ఉండి, దాని ప్రభావం బయటికి రాకూడదనుకున్నప్పుడు మాత్రం ఎర్త్ అవసరమవుతుంది.

డబ్బా లోపల 50 హెర్ట్జ్ శిఖరం ఒకటి చిన్నదిగా మిగిలింది. అది విద్యుత్ క్షేత్రం కాదని రెండు గుర్తులు చెప్పాయి. జనరేటరుతో దానికి సంబంధం లేదు, సెన్సరు సర్క్యూటును తొంభై డిగ్రీలు తిప్పితే అది దాదాపు మాయమవుతుంది. దగ్గర్లోని స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం సర్క్యూటులోని వైర్ల చుట్టు గుండా పోవడం వల్ల అది వస్తోంది. పలుచని స్టీలు రేకు తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాన్ని అంతగా ఆపలేదు, ఎందుకంటే ఉపరితల ఆవేశాలు రద్దు చేయగలిగేది విద్యుత్ క్షేత్రాన్నే. స్టెబిలైజరును దూరంగా జరిపాక ఆ శిఖరం తగ్గిపోయింది.

గోడ అంతా ఒకే పొటెన్షియల్‌లో ఉండాలన్న షరతును భంగపరిస్తే ఏమవుతుందో కూడా చూశాను. మూతకూ డబ్బాకూ మధ్య చుట్టూ మూడు మిల్లీమీటర్ల మందపాటి అట్ట పెట్టి, ఎక్కడా లోహం లోహానికి తగలకుండా చేశాను. డబ్బాను నిలువుగా ఉంచినప్పుడు పెద్ద మార్పు కనిపించలేదు, ఎందుకంటే అడ్డంగా ఉన్న క్షేత్రంలో మూత, డబ్బా రెండూ సగటున ఒకే పొటెన్షియల్‌కు వస్తాయి. మూత ఒక పలకను చూసేలా డబ్బాను పడుకోబెట్టగానే లోపల బయటి క్షేత్రంలో రెండు మూడు శాతం కనిపించింది. ఆవేశం మూత నుంచి డబ్బాకు ప్రవహించలేకపోవడమే కారణం. ఒక రాగి తీగతో మూతను డబ్బాకు ఒకచోట కలపగానే అందులో చాలాభాగం పోయింది, అట్ట తీసేశాక మొత్తం పోయింది. రంగు వేసిన బిస్కెట్ డబ్బాలతో ఈ ప్రయోగం చేసేవారు మూత అంచును గరుకు కాగితంతో రుద్ది లోహం బయటపడేలా చేయడం మంచిది.

చివరగా మూతకున్న చిన్న రంధ్రం గుండా జానెడు ఇన్సులేటెడ్ వైరును, సగం బయటికి, సగం లోపలికి ఉండేలా దూర్చాను. శిఖరం వెంటనే లేచింది. అదే వైరు ఇన్సులేషన్ ఒలిచి రంధ్రం అంచుకు సోల్డర్ చేస్తే తిరిగి అణగిపోయింది. రంధ్రం చేసిన హాని స్వల్పం. గోడతో కలవకుండా లోపలికీ బయటికీ వంతెన వేసిన వైరు చేసిన హాని అంతకంటే చాలా ఎక్కువ.

ఫిబ్రవరి చివర, తీగల పంజరం

వలకంటే ముందు లెక్క వేయడానికి వీలైన రూపం ఒకటి కావాలి. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు అక్రిలిక్ బిళ్ళలను రెండడుగుల ఎడంగా నిలిపి, వాటి అంచు చుట్టూ రంధ్రాలు చేసి, నిలువుగా సమాన దూరంలో 24 రాగి తీగలు బిగించాను. తీగ అర మిల్లీమీటరు మందం, మోటారు వైండింగ్ షాపులో దొరికేది. ప్లైవుడ్ కాకుండా అక్రిలిక్ తీసుకోవడానికి కారణం ఉంది: చెక్క తేమ పీల్చి కొద్దిగా కరెంటును పోనిస్తుంది, మొదటి పరీక్షలో తీగలు ఒకదానితో ఒకటి ఏ మాత్రం కలవకూడదు.

ఆ పరీక్షలో తీగలన్నీ విడివిడిగా ఉన్నాయి. పంజరం మధ్యలో సెన్సరు రీడింగ్, తీగలు లేనప్పటి రీడింగ్ దాదాపు ఒకటే. ఇరవై నాలుగు తీగలు చుట్టూ నిలబడి ఉన్నా అవి లేనట్టే లెక్క. తరువాత ఎనామిల్ గీకి, పైనా కిందా ఒక్కొక్క రాగి వలయంతో అన్నిటినీ కలిపి సోల్డర్ చేసి, రెండు చివరలనూ ఫాయిల్‌తో మూశాను. లోపలి క్షేత్రం బయటిదానిలో సుమారు 22 శాతానికి పడిపోయింది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన పరిశీలన ఇదే. రక్షణ తీగ ఉండటం వల్ల రాదు, ఒక పక్క తీగల నుంచి ఎదుటి పక్క తీగలకు ఆవేశం ప్రవహించడం వల్ల వస్తుంది. విడిగా ఉన్న తీగలో ఆవేశం ఆ తీగ మందంలోనే అటూ ఇటూ సర్దుకోగలదు, ఆ అర మిల్లీమీటరు దూరం ఏ మూలకూ చాలదు.

అయితే 22 శాతం అన్నది చాలామందికి ఎక్కువగా అనిపిస్తుంది. తీగల మధ్య ఎడం దాదాపు 4 సెంటీమీటర్లు, మధ్యబిందువు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఫైన్‌మన్ తన భౌతికశాస్త్ర ఉపన్యాసాలలో తీగల వరుస క్షేత్రాన్ని లెక్కించి, తీగల వల్ల కలిగే హెచ్చుతగ్గులు దూరంతో ఘాతాంక రీతిలో పడిపోతాయని చూపాడు. తీగల మధ్య ఎడమంత దూరం వెళ్ళేసరికి అవి సుమారు 535వ వంతుకు తగ్గుతాయి. ఆ లెక్కను నేరుగా ఇక్కడ వాడితే పంజరం మధ్యలో కొలవడానికి ఏమీ మిగలకూడదు.

లెక్కలో తప్పు లేదు, అది జవాబిచ్చే ప్రశ్న వేరు. అన్ని తీగల మీదా ఒకే ఆవేశం ఉందనుకుని, ఒక తీగ ఎదురుగా ఉన్న చోటుకూ రెండు తీగల మధ్య సందుకు ఎదురుగా ఉన్న చోటుకూ తేడా ఎంత త్వరగా మాయమవుతుందో అది చెబుతుంది. పంజరం మొత్తం మీద తీగల ఆవేశాలు సమానం కావు, ఒక పక్క ధనం, ఎదుటి పక్క రుణం. ఆ ఆవేశాల సగటు క్షేత్రం బయటిదాన్ని పూర్తిగా రద్దు చేస్తుందా అన్నది మన ప్రశ్న. 2015లో చాప్‌మన్, హ్యూవిట్, ట్రెఫెతెన్ అనే ముగ్గురు గణితవేత్తలు సియామ్ రివ్యూ అనే గణిత పత్రికలో ఈ విషయాన్నే విశ్లేషించి, తీగల పంజరం రక్షణ అందరూ అనుకునేదానికంటే చాలా బలహీనమని చూపారు. తీగల వరుస ఒక పరిపూర్ణమైన లోహపు తెర కాదని, తేడా తీగ మందం మీద లాగరిథమ్ రూపంలో ఆధారపడుతుందని మాక్స్‌వెల్ 1873 నాటి తన గ్రంథంలోనే లెక్కించాడు.

కారణాన్ని ఇలా చూడవచ్చు. సన్నని తీగ మీద ఆవేశమంతా చాలా చిన్న ఉపరితలంలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి, తీగ చుట్టూ పొటెన్షియల్ నిటారుగా మారుతుంది. తీగలన్నీ ఒకే పొటెన్షియల్‌లో ఉన్నా, తీగల మధ్య సందులు ఆ పొటెన్షియల్‌లో ఉండవు. తీగలను, సందులను కలిపి గోడ సగటు పొటెన్షియల్ తీసుకుంటే అది తీగ పొటెన్షియల్ నుంచి కొంత పక్కకు జరిగి ఉంటుంది. ఎంత జరుగుతుందన్నది అక్కడి తీగ మీద ఎంత ఆవేశం ఉందో దాన్నిబట్టి ఉంటుంది. ఒక పక్క ధనావేశం, ఎదుటి పక్క రుణావేశం కాబట్టి రెండు పక్కలా ఆ జరుగుడు ఎదురెదురు దిశల్లో ఉంటుంది. అంటే దూరం నుంచి చూసినప్పుడు గోడ అంతటా ఒకే పొటెన్షియల్ లేదు, ఒక పక్క నుంచి ఎదుటి పక్కకు వాలు ఉంది. ఆ వాలే లోపల మిగిలిన క్షేత్రం. అది హెచ్చుతగ్గులు లేని క్షేత్రం కాబట్టి లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గదు.

గుండ్రని పంజరానికి, తీగలకు అడ్డంగా ఉన్న క్షేత్రానికి ఈ వాదన ఒక చిన్న సూత్రాన్ని ఇస్తుంది. పంజరం వ్యాసార్ధం R, తీగ వ్యాసార్ధం r, తీగల సంఖ్య n:

```
L = ln(R / (n*r))
E_in / E0 = 2*L / (n + 2*L)
```

నా పంజరానికి R 150 మిల్లీమీటర్లు, r 0.25 మిల్లీమీటర్లు, n 24. R ను n, r ల లబ్ధంతో భాగిస్తే 25, దాని లాగరిథమ్ 3.22. కాబట్టి నిష్పత్తి 6.44 ను 30.44 తో భాగించినంత, అంటే 21 శాతం. నేను కొలిచిన 22 దానికి చాలా దగ్గరగా ఉంది. పలకలు పంజరానికి అంత దూరంలో లేకపోవడం, పంజరం పొడవు పరిమితం కావడం దృష్ట్యా ఇంతకంటే దగ్గరి పొంతనను నేను ఆశించలేదు.

మార్చి, సంఖ్య పెంచడమా, మందం పెంచడమా

తీగను విడిచి తీగను తొలగించి 12 మిగిల్చాను. సూత్రం 39 శాతం అంటుంది, కొలత నలభైకి కాస్త పైన వచ్చింది. తరువాత సందుల్లో కొత్త తీగలు కలిపి 48 చేశాను. సూత్రం ప్రకారం 9.5 శాతం, కొలత పదికి దగ్గరగా వచ్చింది. తీగల సంఖ్య రెట్టింపయితే మిగిలే క్షేత్రం సగానికి కాస్త అటూ ఇటూగా తగ్గుతోంది, అంతకంటే వేగంగా తగ్గడం లేదు. ఘాతాంక రీతి నిజంగా పంజరానికి వర్తించి ఉంటే, 12 నుంచి 48కి వెళ్ళేసరికి కొలత మన పరికరానికి అందకుండా పోయేది.

సూత్రంలో r కూడా ఉంది కాబట్టి మందాన్నీ పరీక్షించాను. ఎర్తింగ్‌కు వాడే 8 గేజి రాగి తీగ మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాన్ని నిటారుగా సాగదీసి 24 ముక్కలు బిగించడం శ్రమతో కూడిన పని, బిళ్ళల రంధ్రాలు పెద్దవి చేయవలసి వచ్చింది. లెక్క ప్రకారం మిగలవలసింది 8.7 శాతం, కొలత తొమ్మిది దాటలేదు. అంటే 24 లావు తీగలు, 48 సన్నని తీగల పని చేశాయి. సందుల పరిమాణం ఒక్కటే చూసి వలను అంచనా వేసేవారు ఈ విషయాన్ని గమనించాలి. సూత్రానికి ఒక హద్దు ఉంది: తీగలు ఒకదానికొకటి తగిలేంత లావైతే అది పనికిరాదు.

సెన్సరు బిళ్ళలను చిన్నవిగా, దగ్గరగా మార్చి, 24 సన్నని తీగల పంజరంలో గోడకు సెంటీమీటరు దూరంలో చుట్టూ జరిపి చూశాను. తీగ ఎదుట ఒక రీడింగు, సందు ఎదుట ఇంకొకటి, తేడా స్పష్టం. గోడకు నాలుగు సెంటీమీటర్ల లోపలికి వచ్చేసరికి ఆ తేడా పూర్తిగా పోయింది, కానీ ఐదో వంతు క్షేత్రం అలాగే నిలిచింది. ఫైన్‌మన్ చెప్పిన ఘాతాంక తగ్గుదల, పంజరం మొత్తానికి సంబంధించిన ఆ బలహీనత రెండూ ఒకే పంజరంలో పక్కపక్కనే కనిపించాయి.

మార్చి చివర, దోమల జాలీ

అదే చట్రానికి అల్యూమినియం దోమల జాలీ చుట్టాను. దాని కళ్ళు మిల్లీమీటరున్నర, తీగ పావు మిల్లీమీటరు. ఒక దిశలోని తీగలనే లెక్కించినా సూత్రం 0.2 శాతం దగ్గరి విలువ ఇస్తుంది, అడ్డ తీగలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మొదట జాలీ రెండు అంచులను రెండు అంగుళాల మేర ఒకదానిమీద ఒకటి వేసి దారంతో కట్టి చూస్తే కొలత ఒక శాతానికి పైనే వచ్చింది. అల్యూమినియం మీద ఎప్పుడూ ఉండే ఆక్సైడు పొర అంచుల మధ్య కలయికను సరిగా జరగనివ్వదు, పైగా దారం కట్టిన చోట్ల మధ్య అంచులు లేచి ఉన్నాయి. అతుకు పొడవునా గరుకు కాగితంతో రుద్ది, రాగి పట్టీ పెట్టి బోల్టులతో నొక్కి బిగించాక 1030 హెర్ట్జ్ శిఖరం నేపథ్య శబ్దానికి కాస్త పైన మాత్రమే మిగిలింది. సందేహం ఉన్నచోట అతుకును వేలితో నొక్కి చూడటం మంచి పరీక్ష, కలయిక లోపముంటే రీడింగు కదులుతుంది.

ఫారడే 1836లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కట్టిన పన్నెండు అడుగుల గది గురించి రాసినది ఈ అనుభవం తరువాత మళ్ళీ చదివాను. తేలికపాటి చెక్క చట్రానికి రాగి తీగలు అడ్డంగా నిలువుగా లాగిన తరువాత ఆయన అక్కడితో ఆగలేదు. మొత్తాన్ని కాగితంతో కప్పి, అన్ని వైపులా తగరపు రేకు పట్టీలు తీగలతో కలిసేలా అంటించాడు. అంతటి గదిని బయట నుంచి బలంగా ఆవేశపరిచినా లోపల దీపాలతో, ఎలక్ట్రోమీటర్లతో ఏ ప్రభావమూ కనిపెట్టలేకపోయాడు. నేటి బొమ్మల్లో ఆ పట్టీలు కనిపించవు, తీగల పంజరం మాత్రమే మిగిలింది.

ఈ కొలతలన్నీ తరంగదైర్ఘ్యం కంటే పంజరం బాగా చిన్నదైనప్పటి సంగతి. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, నా పంజరం వ్యాసం దానికి రెండు రెట్లకు పైనే. అక్కడ విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు కలిసి వస్తాయి, గోడలో కరెంట్లు ప్రవహించాలి, పంజరమే ఒక కుహరంలా అనునాదం చెందవచ్చు. ఈ సూత్రాన్ని అక్కడికి తీసుకుపోకూడదు. అతుకుల పరీక్ష మాత్రం అక్కడికీ వర్తిస్తుంది కాబట్టి, అదే జాలీ చట్రానికి ఇప్పుడు మూసి తెరవగల తలుపు ఒకటి అమర్చి, దాని అంచు పొడవునా రాగి స్ప్రింగు పట్టీలు బిగిస్తున్నాను.